పెరిగే వయసులో కడుపుతో

ఆడపిల్ల పెద్దమనిషి కాగానే ఎత్తు పెరగడం ఆగిపోతుందని మన ఇళ్లలో చాలామంది నమ్మకం. నిజానికి ఆ తర్వాత కూడా రెండు మూడేళ్లపాటు ఇంకో ఐదారు సెంటీమీటర్లు పెరుగుతుంది. కటి ఎముకల వెడల్పు పూర్తిగా తేరడానికి అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది. ఎముకల్లో క్యాల్షియం నిండేదీ, ఒంట్లో రక్తం పెరిగేదీ ఈ ఏళ్లలోనే. సరిగ్గా ఇప్పుడే అమ్మాయి నెల తప్పితే, ఒకే కంచంలోని అన్నం మీద రెండు పెరుగుదలలు ఆధారపడతాయి. ఒకటి కడుపులో బిడ్డది, రెండోది ఇంకా ఎదిగే వయసులోనే ఉన్న తల్లిది.

ఇది ఎక్కడో అరుదుగా జరిగేది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా కడుపుతో ఉన్నవారు. తెలంగాణలో 5.8 శాతం, దేశం మొత్తం మీద 6.8 శాతం. ఆంధ్ర లెక్క దేశ సగటుకు దాదాపు రెట్టింపు. ఇలాంటి అమ్మాయి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చినప్పుడు పాతికేళ్ల గర్భిణికి చేసే పరీక్షలనే చేసి పంపిస్తే కొన్ని ముఖ్యమైన సంగతులు తప్పిపోతాయి. అవేమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇందులోని అమ్మాయి ఊహించినదే. ఆమె అంకెలు మాత్రం ఏ ఆరోగ్య కేంద్రం రిజిస్టరులోనైనా కనిపించేలాంటివే.

వయసు పదహారున్నర. ఇంటర్ మొదటి ఏడాది మధ్యలో చదువు మాని పెళ్లి చేసుకుంది. నెల తప్పాక పద్నాలుగో వారంలో అత్తగారితో కలిసి వచ్చింది. ఎత్తు 151 సెంటీమీటర్లు, బరువు 40 కిలోలు, హిమోగ్లోబిన్ 9.4.

అనుభవం ఉన్న ఏఎన్‌ఎం అయితే ఇక్కడే ఒక ప్రశ్న అడుగుతుంది: "పెద్దమనిషివి ఎప్పుడయ్యావమ్మా?" పద్నాలుగేళ్లు దాటాక అని అమ్మాయి జవాబు. అంటే రజస్వల అయి రెండేళ్లు దాటింది, అంతే. రెండేళ్ల లోపైతే ఆమె ఇంకా ఎదుగుతోందని దాదాపు ఖాయంగా అనుకోవచ్చు. నాలుగేళ్లు దాటితే ఎదుగుదల చాలావరకు ముగిసినట్టే. ఈ అమ్మాయి ఆ రెంటి నడుమ ఉంది కాబట్టి ఎదుగుతోందనుకుని చూసుకోవడమే క్షేమం. తల్లీబిడ్డల కార్డులో దీనికి ప్రత్యేకంగా గడి ఉండదు. అయినా పుట్టిన తేదీ పక్కన 'రజస్వల 14 ఏళ్లకు' అని చిన్నగా రాసుకుంటే, తర్వాత చూసే డాక్టరుకు ఎత్తు కొలత కంటే ఆ ముక్కే ఎక్కువ పనికొస్తుంది.

ఎత్తు కొలతను అంతగా నమ్మలేకపోవడానికి కారణముంది. గర్భంలో బరువు ముందుకు వాలుతుంది, నడుము వంపు పెరుగుతుంది, వెన్నుపూసల మధ్య మెత్తలు నొక్కుకుంటాయి. దాంతో నిలబెట్టి కొలిస్తే ఎత్తు కొద్దిగా తగ్గినట్టు కూడా కనిపించవచ్చు. కాళ్ల ఎముకలు నిజంగా పెరుగుతున్నా ఆ పెరుగుదల వెన్ను కుంగుబాటులో కలిసిపోతుంది. చాలాకాలం వైద్యులు గర్భిణులైన అమ్మాయిలు ఎదగరనే అనుకోవడానికి ఇదొక కారణం.

ఆ నమ్మకాన్ని కదిలించింది అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో కామ్డెన్ అనే పేద పట్టణంలో థెరిసా షోల్ బృందం చేసిన పరిశోధన. వాళ్లు నిలువెత్తును పక్కనపెట్టి, అమ్మాయిని కూర్చోబెట్టి మడమ నుంచి మోకాలి పైదాకా ఉన్న పొడవును సున్నితమైన పరికరంతో పదేపదే కొలిచారు. వెన్ను వంపుతో ఈ కొలతకు సంబంధం లేదు. గర్భిణులైన అమ్మాయిల్లో దాదాపు సగం మంది ఇంకా ఎదుగుతున్నారని అలా తేలింది. 1994లో వాళ్లు ప్రచురించిన మరో ఫలితం ఇంకా ఆశ్చర్యకరం. ఎదుగుతున్న అమ్మాయిలు మిగతావారికంటే ఎక్కువ బరువు పెరిగారు, కానీ వాళ్ల బిడ్డలు సుమారు 150 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. మామూలుగా చివరి నెలల్లో తల్లి ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగి బిడ్డ వైపు వెళ్తుంది. ఎదుగుతున్న తల్లి శరీరం మాత్రం ఆ నిల్వను అంత తేలిగ్గా వదలదు.

ఆరోగ్య కేంద్రంలో మోకాలి కొలత తీసే పరికరం ఉండదు, ఉండాల్సిన పని కూడా లేదు. ఈ పరిశోధన నుంచి మనం పట్టుకోవాల్సింది ఒక్కటే. పదహారేళ్ల గర్భిణి విషయంలో తూకం బాగా పెరుగుతోందని ఊరుకోకూడదు, బిడ్డ పెరుగుదలను విడిగా కొలవాలి. దీన్ని మళ్లీ కాసేపట్లో ఈ అమ్మాయి విషయంలోనే చూస్తాం.

ముందు తూకం సంగతి. నెల తప్పక ముందు ఆమె బరువెంతో తెలియదు. మొదటి మూడు నెలలూ వాంతులతో పెద్దగా తినలేదు కాబట్టి ఇప్పటి 40 కిలోలనే మొదలుగా తీసుకోవడం తప్ప దారి లేదు. ఎత్తుతో లెక్కగడితే బీఎంఐ 17.5 వస్తుంది. ఇక్కడే ఒక చిక్కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదిగే పిల్లల పట్టిక ప్రకారం ఈ వయసు అమ్మాయికి బీఎంఐ సుమారు 16.3 కంటే తగ్గితేనే బాగా బక్కచిక్కినట్టు. ఆ పట్టికలో ఈమె మామూలు పిల్లే. పెద్దవాళ్ల పట్టికలో చూస్తే 18.5 కంటే తక్కువ, అంటే బరువు తక్కువ మనిషి. గర్భిణుల బరువు లక్ష్యాలకు ప్రపంచమంతా ఎక్కువగా వాడే అమెరికా వైద్య సంస్థ 2009 సిఫారసులు టీనేజీ అమ్మాయిలకు కూడా పెద్దవాళ్ల పట్టికనే వాడమంటాయి. దాని ప్రకారం బరువు తక్కువగా ఉన్నవారు మొత్తం 12.5 నుంచి 18 కిలోలు పెరగాలి. మామూలు బరువున్నవారు 11.5 నుంచి 16 కిలోలు.

పెద్దవాళ్ల పట్టిక పెడితే సన్నని చిన్నపిల్లలు సహజంగానే ఎక్కువ పెరగాల్సిన వరుసలోకి వెళ్తారు. ఎదిగే ఒంటికి ఆ కాస్త ఎక్కువ కావాలి కాబట్టి నాకు ఇది సబబుగానే తోస్తుంది. అయితే ఆ మాటను అమ్మాయి ముందు "నువ్వు బక్కగా ఉన్నావు" అని అనడంలో అర్థం లేదు. ఆమె వయసుకు ఆమె మామూలుగానే ఉంది. పట్టిక లక్ష్యం వేసుకోవడానికే గానీ పేరు పెట్టడానికి కాదు.

ఇక లెక్క. పద్నాలుగో వారం నుంచి నలభయ్యో వారం దాకా 26 వారాలు. బరువు తక్కువ వరుసలో వారానికి అర కిలో చొప్పున 13 కిలోలు, కాన్పు నాటికి 53 దగ్గర ఉండాలి. ఈ మొత్తాన్ని అమ్మాయికి చెప్తే కళ్లు తిరుగుతాయి. కార్డు మీద మూడు గుర్తులు పెడితే చాలు: ఇరవయ్యో వారానికి 43, ఇరవై ఎనిమిదో వారానికి 47, ముప్పై ఆరో వారానికి 51. ప్రతిసారీ అదే తూకం మిషను, చెప్పులూ చేతిసంచీ పక్కన పెట్టి. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మిషన్ మారితే నెలన్నర పెరుగుదల ఒక్కరోజులో వచ్చినట్టో పోయినట్టో కనిపిస్తుంది.

పద్దెనిమిదో వారంలో 42, ఇరవై రెండులో 43.8. బాగానే ఉంది. ఇరవై ఆరో వారంలో 44.4 దగ్గర ఆగింది. నాలుగు వారాల్లో రెండు కిలోలు రావాల్సిన చోట ఆరు వందల గ్రాములే వచ్చాయి. ఇలాంటప్పుడు "సరిగ్గా తినడం లేదు" అని కార్డు మీద రాసి మందలిస్తే ఏమీ తెలియదు. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఏం తిన్నావో వరుసగా చెప్పమంటే తెలుస్తుంది. పొద్దున టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం అందరూ తిన్నాక అన్నం, చారు. రాత్రి సగం కడుపు. సగం ఎందుకంటే, ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని ఇంట్లో పెద్దవాళ్లు అన్నారట. ఈ నమ్మకం మన పల్లెల్లో చాలా పాతది. దాన్ని ఎగతాళి చేస్తే అత్తగారు ఇక రాదు. ఆ భయం పూర్తిగా అబద్ధమూ కాదు, చిన్నపిల్ల కటి ఇంకా తేరలేదు కదా. అందుకే "మీ భయం సరైనదే అత్తయ్యా, అందుకే కాన్పు పెద్దాసుపత్రిలో చేయిస్తాం, అన్నం తగ్గిస్తే మాత్రం బిడ్డతో పాటు పిల్ల కూడా నీరసపడుతుంది, నొప్పులు పడే శక్తి ఉండదు" అంటే మాట లోపలికి వెళ్తుంది. ఆ రోజు అడిగినవి రెండే: ఆమె ఇంటివాళ్లతో పాటే కూర్చుని తినాలి, అంగన్‌వాడీలో పెట్టే భోజనం అక్కడే తినాలి. తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి కింద ఇచ్చే భోజనంలో గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు కూడా ఉంటాయి. ఇంటికి తెచ్చుకుంటే అది ఎంతమందికి పంచబడుతుందో అందరికీ తెలిసిందే.

తూకం దీనికి ఎదురు దారిలో నడిస్తే ఇంకా జాగ్రత్త. వారంలోనే కిలో పైగా పెరిగి, ముఖమూ చేతులూ ఉబ్బితే దాన్ని ఒళ్లు చేయడం అనుకోకూడదు. వెంటనే రక్తపోటు, మూత్రంలో ప్రొటీన్ చూడాలి. తొలి కాన్పు టీనేజీలో అయితే గుర్రపు వాతం అనే ఫిట్స్ ముప్పు ఎక్కువ. తలనొప్పి, కళ్లు మసకబారడం ఉంటే ఆ పూటే ఆసుపత్రికి.

ముప్పయ్యో వారానికి బరువు 46.4కు వచ్చింది. నాలుగు వారాల్లో రెండు కిలోలు. అందరూ సంతోషించారు. ఏఎన్‌ఎం మాత్రం టేపు తీసింది. ఇరవై నాలుగో వారం దాటాక కటి ఎముక పై అంచు నుంచి గర్భసంచి పైభాగం దాకా సెంటీమీటర్లలో కొలత దాదాపు వారాల సంఖ్యకు సమానంగా, రెండు అటూ ఇటూగా ఉండాలి. ముప్పయ్యో వారంలో ఆమెకు 27 వచ్చింది. తల్లి బరువు కోలుకుంది, గర్భసంచి వెనకబడింది. కామ్డెన్‌లో కనబడింది ఇదే. బరువు చూసి ఆనందపడి పంపించేసి ఉంటే ఇది ఎనిమిదో నెల దాటాక గానీ బయటపడేది కాదు. స్కానింగ్‌కు పంపారు. బిడ్డ చిన్నదే కానీ రక్తప్రసరణ బాగుంది. మూడు వారాలకు మళ్లీ స్కాన్, రోజూ బిడ్డ కదలికలు గమనించుకోవడం, కదలికలు తగ్గితే మర్నాటి దాకా ఆగకుండా రావడం. బిడ్డ చిన్నదనగానే ఇంకా తినిపించాలని తొందరపడితే మాయ ద్వారా అందే పోషణ ఒక్కరోజులో పెరగదు. కంటిలో వత్తి వేసుకుని చూస్తూ ఉండటమే ఇక్కడి వైద్యం.

ఇనుము సంగతి మొదటి రోజుకు వెనక్కి వెళ్లి చూడాలి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 లోపుంటే రక్తహీనత. 10 నుంచి 10.9 కొద్దిపాటిది, 7 నుంచి 9.9 మధ్యస్థం, 7 లోపు తీవ్రం. 9.4 అంటే మధ్యస్థం. మామూలు గర్భిణికి రోజుకు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉన్న ఎర్ర మాత్ర ఒకటి. రక్తహీనత ఉంది కాబట్టి ఈమెకు రోజుకు రెండు. నులిపురుగుల మందు ఒక మోతాదు. అల్లూరి జిల్లా మన్యం, ఆదిలాబాద్ లాంటి గిరిజన ప్రాంతాల అమ్మాయి అయితే సికిల్ సెల్ పరీక్ష కూడా తప్పనిసరిగా చేయించాలి. ఈమెకు చేశారు, లేదు.

నెల తర్వాత చూస్తే 10.1. నెలలో కనీసం ఒక గ్రాము పెరగాలన్నది అనీమియా ముక్త భారత్ నియమం, పెరగకపోతే డాక్టరు దగ్గరికి పంపాలి. పంపారు. డాక్టరు ముందు అడిగింది మాత్రల స్ట్రిప్. 56 మాత్రలు అయిపోవాల్సిన చోట 24 మిగిలి ఉన్నాయి. "మింగుతున్నావా" అంటే ఏ అమ్మాయైనా మింగుతున్నాననే అంటుంది. "చాలామందికి వాటితో వికారంగా ఉంటుంది, నీకెలా ఉంది?" అంటే నిజం చెప్తుంది. ఖాళీ కడుపున వేసుకుంటే తిప్పుతోందట, మలం నల్లగా వస్తే భయమేసి మానేసిందట. పైగా ఇనుము, క్యాల్షియం మాత్రలు రెండూ మర్చిపోకుండా ఉండాలని అన్నం తినగానే కలిపి వేసుకుంటోంది. ఇంత శ్రద్ధ చూపిన పిల్లను ఎవరైనా ఎలా తిడతారు? కానీ క్యాల్షియంతో కలిస్తే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రెంటి మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి.

క్యాల్షియం ఎందుకంటే, కడుపులో బిడ్డ అస్థిపంజరానికి సుమారు 30 గ్రాముల క్యాల్షియం కావాలి, అందులో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే. తల్లి ఎముకలు కూడా జీవితకాలపు నిల్వను సమకూర్చుకునేది ఈ వయసులోనే. భారత వైద్య పరిశోధన మండలి 16 నుంచి 18 ఏళ్ల అమ్మాయిలకు గర్భం లేకపోయినా రోజుకు 1050 మిల్లీగ్రాములు కావాలంటుంది. టీలో పోసే పాలు, చెంచాడు పెరుగుతో ఈ అమ్మాయికి అందేది అందులో మూడో వంతు కూడా ఉండదు. ఆహారంలో క్యాల్షియం తక్కువగా ఉన్నచోట మాత్రలు గుర్రపు వాతం ముప్పును కూడా తగ్గిస్తాయి. ప్రభుత్వం పద్నాలుగో వారం నుంచి రోజుకు రెండు మాత్రలు ఇస్తుంది, ఒక్కోదానిలో 500 మిల్లీగ్రాముల క్యాల్షియం, 250 యూనిట్ల విటమిన్ డి. బయట కొనుక్కునేవారికి ఒక సూచన: పెట్టె మీద క్యాల్షియం కార్బొనేట్ 1250 అని పెద్దక్షరాలతో ఉంటే అందులో అసలు క్యాల్షియం 500 మాత్రమే. 500 మిల్లీగ్రాముల కార్బొనేట్ మాత్ర కొంటే దక్కేది 200. రాగి సంకటి, తోటకూర, నువ్వుల ఉండ మాత్రలకు బదులు కావు, తోడు.

నాలుగు మాత్రల రోజును ఆమె దినచర్యలోనే ఇరికించాలి. పొద్దున టిఫిన్ తినగానే క్యాల్షియం. పదకొండు గంటలకు జామకాయతోనో నిమ్మకాయ నీళ్లతోనో ఇనుము. మధ్యాహ్నం అన్నం తర్వాత క్యాల్షియం. రాత్రి పడుకోబోయే ముందు రెండో ఇనుము. ఇనుముకు గంట అటూ ఇటూ టీ వద్దు. మలం నల్లబడటం ఇనుము మాత్రల వల్లే, భయం లేదు. ఫోనులో నాలుగు అలారాలు ఆమే పెట్టుకుంది, ఈ వయసు పిల్లకు అది మనం చెప్పనక్కర్లేదు. ఇరవై రెండో వారంలో హిమోగ్లోబిన్ 11.2. అక్కడి నుంచి రోజుకు ఒకే ఇనుము మాత్ర.

ఇదంతా జరిగాక కార్డు మీద 'కౌన్సెలింగ్ ఇవ్వడమైనది' అన్న ముద్ర ఒక్కటే ఉంటే, ముప్పయ్యో వారంలో చూసే కొత్త డాక్టరుకు ఏమీ తెలియదు. నమోదు అంటే అసలు ఏం మాట్లాడుకున్నారో రాయడం. మా అమ్మాయి కేసులో పద్దెనిమిదో వారపు నోటు ఇలా ఉంటే పనికొస్తుంది:

"18 వారాలు. మొదట ఒంటరిగా 10 నిమిషాలు, తర్వాత అత్తగారి సమక్షంలో మాట్లాడాం. హిమోగ్లోబిన్ 10.1, ఇనుము మాత్రలు 56లో 24 మిగిలాయి. కారణం: వికారం, మలం నల్లబడటంతో భయం, క్యాల్షియంతో కలిపి వేసుకోవడం. మాత్రల వేళలు మార్చాం. తిరిగి చెప్పమంటే సరిగ్గా చెప్పింది: 'అన్నం తిన్నాక తెల్లది, పడుకునే ముందు ఎర్రది.' రోజూ గుడ్డుకు ఒప్పుకుంది. పాలు పడవంది, రాగి జావ తాగుతానంది. ఆశా వారానికోసారి మాత్రలు లెక్కపెడుతుంది. మళ్లీ రక్త పరీక్ష 22వ వారంలో."

ఇందులో ఆమె ఏది ఒప్పుకుందో, ఏది వద్దందో రెండూ ఉన్నాయి. ఆమె నోటి మాట ఉన్నదున్నట్టు ఉంది. ఒంటరిగా మాట్లాడినట్టు రాసి ఉంది. పదహారేళ్ల అమ్మాయి పెద్దవాళ్ల ముందు తన ఆకలి గురించి కూడా నిజం చెప్పదు. అత్తగారు నొచ్చుకోకుండా బయట కూర్చోబెట్టడానికి 'కడుపు పరీక్ష సమయంలో గర్భిణి ఒక్కరే' అనే నియమం అందరికీ పెట్టడమే మేలు.

ఆ పది నిమిషాల్లో వచ్చే కొన్ని సంగతులు మాత్రం కార్డు మీద రాయకూడదు. ఇంట్లో కొడుతున్నారా, దిగులుగా ఉందా, పెళ్లి తన ఇష్టంతో జరిగిందా, మళ్లీ చదువుకోవాలని ఉందా, తర్వాతి బిడ్డకు ఎడం కావాలా వంటివి. తల్లీబిడ్డల కార్డు ఇంట్లో అల్మరాలో ఉంటుంది, అందరూ చదువుతారు. అవి ఆసుపత్రి ఫైలులోనే ఉండాలి.

పద్దెనిమిదేళ్ల లోపు కాబట్టి చట్టం కూడా ఉంది. 2012 పోక్సో చట్టం ప్రకారం ఈ గర్భం గురించి తెలిసిన వైద్య సిబ్బంది పోలీసులకు సమాచారం ఇవ్వాలి, పెళ్లయిందన్నది మినహాయింపు కాదు. 2017లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. మైనర్ గర్భస్రావం కోరితే ఆ సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వెల్లడించనక్కర్లేదని 2022లో అదే కోర్టు చెప్పింది. ఈ బాధ్యతను అమ్మాయితో ముందే, ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. చెప్పినట్టు రాయాలి. వయసును ఏ ఆధారంతో రాశారో, ఆధార్ చూసా, ఆమె చెప్పగా విన్నా, అదీ రాయాలి. తీర్పులు, 'బుద్ధి చెప్పడమైనది' లాంటి మాటలు ఫైలులో ఉండకూడదు. పోలీసు భయంతో ఆమె రావడం మానేస్తే ఈ గర్భంలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం అదే. చికిత్స, మాత్రలు, స్కానింగ్ దేనికీ ఆగవని ఆ రోజే చెప్పి, తర్వాత ఎప్పుడు రావాలో తేదీ రాసి ఇవ్వాలి.

కాన్పు తర్వాత కూడా ఇనుము మాత్ర ఆరు నెలలు, క్యాల్షియం ఆరు నెలలు. పాలిచ్చే ఆ నెలల్లో ఎముకల నుంచి క్యాల్షియం ఇంకా పోతూ ఉంటుంది. ఏడాది లోపే మళ్లీ నెల తప్పితే ఆమె ఎదుగుదల ఇంకా కుంటుపడవచ్చు. అందుకే అంతర ఇంజెక్షనా, ఛాయ మాత్రలా, కాన్పు గదిలోనే లూప్ వేయించుకోవడమా అన్న మాట ముప్పై రెండో వారంలోనే, ఒంటరిగా ఉన్న ఆ పది నిమిషాల్లో మొదలుపెట్టాలి. ఆమె ఏం కోరుకుందో ఫైలులో రాసి ఉంటే కాన్పు గదిలో ఎవరూ ఆమె బదులు జవాబు చెప్పరు.